మేధోమథన సారాంశం

కొందరు ఒకచోట కూర్చుని ఒక సమస్యకు తోచిన పరిష్కారాలన్నీ చెప్పుకుంటూ పోతే దాన్ని మేధోమథనం అంటారు. ఆ మాటలను రికార్డు చేసి, తర్వాత విని, అందులోని ఆలోచనలను విడదీసి గుంపులు కట్టి, దేనికి ఎక్కువమంది మద్దతు ఉందో, దేన్ని ముందుగా చేసి చూడాలో గుర్తు పెట్టిన పత్రమే మేధోమథన సారాంశం. ఇది మినిట్స్ లాంటిది కాదు. మినిట్స్‌లో తీర్మానాలుంటాయి. మేధోమథనంలో తీర్మానాలు జరగవు కాబట్టి సారాంశంలోనూ అవి ఉండకూడదు. దీన్ని రాసేవారికి గుంపులు కట్టడం కన్నా కష్టమైన పని మరొకటుంది. రికార్డింగులో వినబడే "ఊఁ", "సరే", "బాగుంది"లలో నిజమైన మద్దతు ఏదో, మర్యాద ఏదో తేల్చుకోవాలి.

పుట్టుక

మేధోమథనానికి నియమాలు ఏర్పరచిన వ్యక్తి అలెక్స్ ఆస్‌బర్న్. ఆయన అమెరికాలో బీబీడీవో అనే ప్రకటనల సంస్థ భాగస్వాముల్లో ఒకరు. 1953లో వచ్చిన 'అప్లయిడ్ ఇమాజినేషన్' పుస్తకంతో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఆయన నియమాలు నాలుగు: చెబుతుండగా విమర్శించకూడదు, విడ్డూరమైన ఆలోచననూ రానివ్వాలి, వీలైనన్ని ఎక్కువ చెప్పాలి, ఒకరి ఆలోచనకు మరొకరు చేర్పులు చేయాలి. సారాంశం రాయాల్సిన అవసరం ఈ నియమాల వల్లే వచ్చింది. విమర్శ లేకుండా ఎక్కువ చెప్పమంటే చివరికి పెద్ద కుప్ప మిగులుతుంది, దాన్ని ఎవరో ఒకరు ఏరాలి.

కుప్పను ఏరే పద్ధతి జపాన్ నుంచి వచ్చింది. మానవశాస్త్రవేత్త జిరో కవాకితా నేపాల్‌లో క్షేత్ర పరిశోధన చేసినప్పుడు పోగైన విడివిడి సమాచారాన్ని చీటీల మీద రాసి, వాటిని పక్కపక్కన పేర్చి చూసేవారు. ఇంటిపేరు ముందు రాసే జపాన్ అలవాటు ప్రకారం ఆయన పేరులోని మొదటి అక్షరాలతో ఇది కేజే పద్ధతి అయింది. 1967లో ఆయన దీనిపై పుస్తకం రాశారు. తర్వాత నాణ్యతా నిర్వహణలో పనిచేసేవారు దీన్ని అందుకున్నారు. ఇంగ్లీషులో ఇది అఫినిటీ డయాగ్రామ్‌గా చలామణిలో ఉంది.

గుంపుగా కూర్చుని మాట్లాడటంలోని లోపం కూడా త్వరగానే బయటపడింది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే పరిశోధకులు నలుగురేసి గుంపులను పరీక్షించారు. కలిసి కూర్చున్న నలుగురికన్నా, విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపితేనే ఎక్కువ ఆలోచనలు తేలాయి. మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె 1987లో దీనికి ముఖ్యకారణం చూపారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి, ఆగేలోపు మనసులోని ఆలోచన జారిపోతుంది. అంటే రికార్డింగు గదిలో పలికిన మాటలనే పట్టుకుంటుంది. సారాంశం రాసేవారు ఈ సంగతి మరిచిపోకూడదు.

రికార్డింగు

ముందుగా అందరి అనుమతి తీసుకుని రికార్డింగు మొదలుపెడతారు. ఫోనును బల్ల మధ్యలో, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉంచుతారు. మొదటి రౌండులో ప్రతి ఒక్కరూ పేరో హోదానో చెప్పి మాట్లాడితే గొంతులు గుర్తుపట్టడం తేలికవుతుంది. ఫోనుకు కళ్లు లేవు కాబట్టి ఒకరు కాగితం మీద గుర్తులు వేసుకుంటూ ఉండాలి. తలూపినవాళ్లు, తల అడ్డంగా ఆడించినవాళ్లు, గోడ మీది బొమ్మను చూపిస్తూ "ఇదిగో ఇక్కడ" అన్నవాళ్లు ఆడియోలో దొరకరు.

రికార్డింగు మొత్తం అక్షరం పొల్లుపోకుండా రాయాలంటే గంట ఆడియోకు సాధారణంగా నాలుగు గంటలు పడుతుంది. సారాంశానికి అంత అక్కర్లేదు. మొదటిసారి ఆపకుండా వింటారు. రెండోసారి వింటూ కొత్త ఆలోచన, చేర్పు, అభ్యంతరం, బాధ్యత తీసుకోవడం వినబడ్డ ప్రతిచోటా సమయం, మాట్లాడినవారు, వారి మాట యథాతథంగా రాసుకుంటారు. ఈ సమయపు గుర్తే సారాంశానికి పునాది. రేపు ఎవరైనా "నేనలా అనలేదే" అంటే ఆ క్షణానికి వెళ్లి వినిపించవచ్చు.

ఒక ఉదాహరణ

పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక ఊహాత్మక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని తీసుకుందాం. సోమవారం ఓపీలో జనం గంటల తరబడి నిలబడుతున్నారు. ఏం చేస్తే నిరీక్షణ తగ్గుతుందని ఆరుగురు 40 నిమిషాలు మాట్లాడుకున్నారు: వైద్యాధికారి, స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త. రికార్డింగులో ఒక ముక్క ఇది:

12:40 ఫార్మసిస్టు: "బీపీ వాళ్లవి నెలకు సరిపడా మాత్రలు ముందే కట్టి పెట్టుకుంటే, సోమవారం నాకు లెక్కపెట్టే పనుండదు."
12:52 నర్సు: "పొట్లం మీద పేరు రాయాలి. లేకపోతే ఒకరివి ఒకరికి పోతాయి."
13:05 వైద్యాధికారి: "ఊఁ."
13:07 ఆశా: "మా ఊరివాళ్ల పేర్లు నేను శనివారమే రాసిస్తాను సార్."
13:20 ల్యాబ్ టెక్నీషియన్: "డోసు మారితే మళ్లీ విప్పాలి కదా?"

ఈ ఐదు మాటలూ ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతున్నా వాటి బరువులు వేరు. మొదటిది కొత్త ఆలోచన. రెండోది చేర్పు. చేర్పు చేసినవారు ఆ పని జరిగినట్టు మనసులో ఊహించుకున్నారన్నమాట, కాబట్టి దాన్ని మద్దతుగా లెక్కిస్తారు. నాలుగోది అన్నిటికన్నా బలమైన మద్దతు, ఎందుకంటే అందులో ఎవరు, ఎప్పుడు అనేవి రెండూ ఉన్నాయి. ఐదోది అభ్యంతరం, దాన్ని ఆలోచనకు అంటిపెట్టే ఉంచాలి. మూడోది దేని కిందకూ రాదు.

"ఊఁ"ను లెక్కించకపోవడం

సంభాషణ విశ్లేషకుడు ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ 1982లో ఇంగ్లీషులోని ఇలాంటి శబ్దాలను పరిశీలించి, వాటి పని 'నువ్వు కొనసాగించు' అని సూచించడమని చూపారు. తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కథ వింటూ ఊఁ కొట్టే పిల్లవాడు రాక్షసుడికి మద్దతు పలకడం లేదు, వింటున్నానని చెబుతున్నాడంతే. అయినా సారాంశం రాసేటప్పుడు ఆ "ఊఁ" పెద్ద హోదా ఉన్నవారిదైతే ఒప్పుకోలుగా రాసేయడం తరచూ జరిగే పొరపాటు.

తెలుగు సమావేశాల్లో జాగ్రత్తగా వినాల్సిన మాటలు మరికొన్ని ఉన్నాయి. "చూద్దాం" చాలాసార్లు మర్యాదగా వద్దనడమే. "చేద్దాం" అంటే ఇష్టం ఉందనే కానీ చేసే మనిషి దొరికాడని కాదు. "చేస్తాను" అన్నప్పుడే పనికి యజమాని దొరికినట్టు. మనం, మేము అనే తేడా కూడా ఇక్కడ పనికొస్తుంది. "మనం రాసుకోవాలి" అంటే అందులో వినేవాళ్లూ ఉన్నారు, చివరికి ఎవరూ రాయకపోవచ్చు. "మేము రాసుకుంటాం" అంటే మాట్లాడినవారి జట్టు బాధ్యత తీసుకుంది. సారాంశంలో ఈ రెంటినీ "రాయాలని నిర్ణయించారు" అనే ఒకే వాక్యంగా మార్చేస్తే, రికార్డింగులో స్పష్టంగా ఉన్న తేడా కాగితం మీద మాయమవుతుంది.

ఆలోచనలను విడదీయడం, కలపడం

తర్వాతి దశలో ఒక చీటీకి ఒక ఆలోచన చొప్పున రాస్తారు. ఒకే మాటలో రెండు ఆలోచనలుంటే రెండు చీటీలు కావాలి. మన ఉదాహరణలో 27వ నిమిషంలో ఏఎన్ఎం "ఆ పొట్లాలుంటే నడవలేనివాళ్లకు నేనే ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వొచ్చు" అంటుంది. ఇది పొట్లాల ఆలోచనకు మద్దతు, దానితోపాటు ఇంటికి మందులు ఇవ్వడమనే మరో ఆలోచన కూడా.

ఒకే మాట వాడినంత మాత్రాన ఒకే ఆలోచన కాకపోవచ్చు. ఈ సమావేశంలో "టోకెన్లు" అనే మాట 9 సార్లు వినబడింది, 6 సార్లు వైద్యాధికారి నోట, 3 సార్లు ఫార్మసిస్టు నోట. మళ్లీ వింటే వైద్యాధికారి ఉద్దేశం వచ్చిన వరుసలో నంబరు చీటీ ఇవ్వడం. ఫార్మసిస్టు ఉద్దేశం పదింటికి కొందరు, పదకొండింటికి కొందరు రమ్మని సమయం రాసివ్వడం. మొదటిదానితో తోపులాట తగ్గుతుంది కానీ నిరీక్షణ తగ్గదు. రెండోదానితో నిరీక్షణే తగ్గాలి. వీటిని ఒకే చీటీగా కలిపేస్తే అసలు ఎవరూ చెప్పని ఆలోచనకు 9 సార్ల ప్రస్తావన వచ్చినట్టు కనబడుతుంది.

ఇలా విడదీసి, ఒకే ఆలోచనను తిరిగి తిరిగి చెప్పినవి కలిపితే, ఆలోచనలు వినబడ్డ 37 చోట్ల నుంచి 13 ఆలోచనలు తేలాయనుకుందాం.

గుంపులు కట్టడం

కవాకితా పద్ధతిలో ముఖ్యమైన నియమం, శీర్షికలు ముందు రాసుకోకూడదు. సిబ్బంది, పరికరాలు, స్థలం అని మూడు డబ్బాలు ముందే పెట్టుకుంటే ప్రతి చీటీ వాటిలో ఏదో ఒకదానిలో ఇమిడిపోతుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అందుకని చీటీలన్నీ పరచి, ఒకదానితో ఒకటి పోలుతున్నాయనిపించినవాటిని దగ్గరకు జరుపుతారు. ఇద్దరు కలిసి, మాట్లాడుకోకుండా జరిపితే ఇంకా మంచిది. గుంపు కట్టాకే పేరు పెడతారు. ఆ పేరు ఒక్క మాటగా ఉంటే చాలదు, ఆ చీటీలన్నీ కలిసి ఏం చెబుతున్నాయో తెలిపే వాక్యం కావాలి.

ఉదాహరణలోని 13 ఆలోచనలు ఇలా కుదిరాయి:

"అందరూ సోమవారమే రాకుండా చూడాలి": నెలనెలా బీపీ, షుగరు మందులకు వచ్చేవాళ్లకు వేరే రోజు, ఊరికొక రోజు, ఆశాల ద్వారా ముందే కబురు.

"నిలబడక తప్పకపోతే కష్టమైనా తగ్గించాలి": నంబరు చీటీలు, సమయం రాసిన చీటీలు, నీడలో బెంచీలు, వృద్ధులకూ గర్భిణులకూ వేరే వరుస.

"డాక్టరును చూశాక కూడా మందుల దగ్గర, ల్యాబు దగ్గర ఆగిపోతున్నారు": ముందే కట్టిన పొట్లాలు, నడవలేనివాళ్లకు ఇంటికే మందులు, షుగరు రోగుల రక్త నమూనా ముందే తీసుకోవడం.

"ఒకే పని రెండుసార్లు చేస్తున్నాం": పేరు నమోదు ఒకేచోట, బీపీ చూడటం వరుసలో ఉండగానే.

సాయంత్రం ఓపీ అనే చీటీ దేనితోనూ కలవలేదు. దాన్ని విడిగానే ఉంచాలి. 'ఇతరములు' అనే గుంపు పెట్టి అందులో పడేస్తే దాన్ని ఇక ఎవరూ చదవరు.

గుంపులు కట్టాక రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, సమావేశంలో ఎక్కువసేపు నడిచిన చర్చ రెండో గుంపుది, కానీ అందులో సమయం రాసిన చీటీలు తప్ప మిగతావేవీ నిరీక్షణను తగ్గించేవి కావు. ఆ ఒక్కటి కూడా నిజానికి మొదటి గుంపుకు దగ్గరగా ఉంది, దాన్ని అటు జరపవచ్చు. రెండు, మూడో గుంపు గురించి మొదట అడిగిన ప్రశ్నలోనే లేదు. అందరూ డాక్టరు గది ముందరి వరుస గురించే ఆలోచిస్తూ వచ్చారు.

మద్దతును గుర్తించడం

మద్దతు లెక్కలో ప్రస్తావనలను కాదు, మనుషులను లెక్కిస్తారు. ఒకరు ఆరుసార్లు చెప్పినా అది ఒక్కరి మద్దతే. మద్దతును మూడు మెట్లుగా గుర్తిస్తే సారాంశం చదివేవారికి తేలిక: ఊరికే బాగుందన్నవారు, కారణమో చేర్పో ఇచ్చినవారు, చేస్తానన్నవారు. అభ్యంతరాన్ని పక్కనే, చెప్పినవారి మాటల్లోనే రాస్తారు.

ఈ లెక్కన పొట్లాల ఆలోచన వైపు నలుగురున్నారు: ఫార్మసిస్టు, నర్సు, ఆశా, ఏఎన్ఎం. అందులో ఆశాది చేస్తాననే మాట. వేరే రోజు ఆలోచన వైపు కూడా నలుగురే. అది మొదట "బుధవారం పెడదాం"గా పుట్టింది, బుధవారం టీకాల రోజని ఏఎన్ఎం అడ్డుపడటంతో గురువారమైంది. సారాంశంలో "గురువారం" అని మాత్రమే రాసి కారణం వదిలేస్తే, మూడు నెలల తర్వాత ఎవరో ఒకరు మళ్లీ బుధవారం అంటారు. నంబరు చీటీలకు, సమయపు చీటీలకు ఒక్కొక్కరే మిగిలారు.

వైద్యాధికారి మాట్లాడాక గదిలో వినబడ్డ "అవును మేడం"లను నమ్మలేం కాబట్టి, సారాంశం ముసాయిదాను అందరికీ పంపి రహస్యంగా ఓటు వేయించడం వాడుకలో ఉన్న జాగ్రత్త. ఆలోచనల సంఖ్యలో దాదాపు మూడో వంతు ఓట్లు ఒక్కొక్కరికి ఇవ్వడం సాధారణ లెక్క. 13 ఆలోచనలకు నాలుగేసి ఓట్లిస్తే మొత్తం 24. అవి ఇలా పడ్డాయనుకుందాం: పొట్లాలు 6, గురువారం 5, ముందే నమూనా 4, బెంచీలు 3, నంబరు చీటీలు 2, ఇంటికి మందులు 2, సమయపు చీటీలు 1, వృద్ధుల వరుస 1. గదిలో అన్నిటికన్నా ఎక్కువగా నలిగిన టోకెన్ల మాట రెండు రకాలూ కలిపినా మూడు ఓట్లు దాటలేదు. వినబడ్డ మద్దతు, వేసిన ఓటు ఇంత దూరంగా ఉన్నప్పుడు సారాంశంలో రెండు అంకెలనూ పక్కపక్కనే ఇవ్వాలి.

చేసి చూడాల్సినవి

ఓట్లు ఎక్కువ వచ్చాయంటే ఆ ఆలోచన నచ్చిందని అర్థం. అది పనిచేస్తుందో లేదో ఓటుకు తెలియదు. అందుకే సారాంశంలో చివరి భాగం ప్రయోగాలది. వాల్టర్ షూహార్ట్ ఆలోచనల ఆధారంగా ఎడ్వర్డ్స్ డెమింగ్ ప్రచారంలోకి తెచ్చిన చక్రం, అంటే అనుకోవడం, చేయడం, పరిశీలించడం, సరిదిద్దుకోవడం, ఇక్కడ పనికొస్తుంది. ప్రతి ప్రయోగానికీ ఏం మారుస్తారు, ఏమవుతుందని అంచనా, ఏం కొలుస్తారు, ఎవరు చేస్తారు, ఏం కనబడితే ఆపేస్తారు అన్నవి రాయాలి. అంచనాను ముందే రాయడం ముఖ్యం. లేకపోతే ఏ ఫలితం వచ్చినా అనుకున్నదే అయిందనిపిస్తుంది.

పొట్లాల ప్రయోగాన్ని ఇలా రాయవచ్చు. ఆశా శనివారం పేర్లు ఇస్తుంది. ఫార్మసిస్టు కిందటి నెల మందుల ప్రకారం పొట్లాలు కట్టి పేరు రాస్తాడు. ఇచ్చేముందు డాక్టరు చీటీతో సరిచూస్తాడు, డోసు మారినవారి పొట్లం పక్కన పెడతాడు. ల్యాబ్ టెక్నీషియన్ అభ్యంతరం ఇలా ప్రయోగంలోనే చేరింది. కౌంటరు దగ్గర ప్రతి పదో మనిషి చీటీ మీద, వరుసలో నిలబడ్డ సమయం, మందులు అందిన సమయం రాస్తారు. 150 మంది వస్తే 15 లెక్కలు చేతికొస్తాయి. వాటిని చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి ఎనిమిదోదాన్ని తీసుకుంటే ఆ రోజు మధ్య విలువ తెలుస్తుంది. సగటు కన్నా ఇది నయం, ఎందుకంటే ఒకరికి మందు దొరక్క గంట పట్టినా లెక్క చెదరదు.

మొదట రెండు సోమవారాలు ఏమీ మార్చకుండా కొలుస్తారు, తర్వాత రెండు సోమవారాలు పొట్లాలతో కొలుస్తారు. అంచనా: మధ్య విలువ సగానికి తగ్గుతుంది, పొట్లం తీసుకునేవారికే కాదు, వారి వెనక నిలబడ్డ జ్వరం మనిషికి కూడా. ఆపేసే గుర్తు: ఒక్క పొట్లమైనా తప్పు మనిషి చేతికి వెళ్లడం. ఆ నాలుగు వారాలూ గురువారం ఆలోచనను మొదలుపెట్టకూడదు. రెండూ కలిపి చేస్తే, వరుస తగ్గినా దేనివల్ల తగ్గిందో చెప్పలేరు. ఏ రోజు ఎంతమంది వచ్చారో కూడా రాయాలి. వానలు తెరిపిచ్చి జ్వరాలు తగ్గినా వరుస తగ్గుతుంది కదా.

పొరపాట్లు, వాటిని పసిగట్టడం

సారాంశం బాగా వచ్చిందో లేదో చూడటానికి తేలికైన పరీక్షలు మూడున్నాయి. ఏదో ఒక చీటీ తీసుకుని దాని సమయపు గుర్తు దగ్గర రికార్డింగు వినాలి. ఆ ఆలోచన అక్కడ లేకపోతే అది సారాంశకర్త సొంత ఆలోచన. ఆలోచన చెప్పినవారికే చీటీ చదివి వినిపించాలి. "అవును, ఇదే" అనకుండా "దాదాపు ఇదే" అంటే కలపకూడనివి ఏవో కలిశాయి. మూడోది, సమావేశంలో లేని మరొకరితో అవే చీటీలను విడిగా గుంపులు కట్టించాలి. గుంపులు అచ్చం కలవక్కర్లేదు, కానీ ఏ చీటీ పూర్తిగా వేరేచోట పడిందో దాన్ని మళ్లీ వినాలి.

పరిమితులు

ఈ పత్రం గదిలో ఉన్నవారి మద్దతునే చూపిస్తుంది. మన ఉదాహరణలో వరుసలో నిలబడే రోగి ఒక్కరూ గదిలో లేరు. గురువారానికి 5 ఓట్లు పడ్డాయి, కానీ కూలికి వెళ్లేవారికి గురువారం కుదురుతుందో లేదో ఆ ఐదుగురికీ తెలియదు. కాబట్టి ఆ ప్రయోగాన్ని ముందు ఒక్క ఊరితో మొదలుపెట్టాలని, ఆ ఊరి రోగులను ముందుగా అడగాలని సారాంశంలో రాస్తారు. ఓట్లు రాని ఆలోచనలను కూడా తీసేయరు. ఆశా ఒక్కసారే చెప్పిన సాయంత్రం ఓపీ చీటీ, గురువారం ప్రయోగంలో కూలీలు రాలేకపోతే, మొదట తెరిచి చూడాల్సిన చీటీ అవుతుంది. అందుకే సారాంశం పట్టికలో ప్రతి ఆలోచన పక్కనా ఫలితం రాయడానికి ఒక ఖాళీ గడి వదులుతారు, ఒక్క ఓటూ పడని చీటీ పక్కన కూడా.